రాసినట్టే చేశాను, అయినా అలా రాలేదేం? కొత్తగా ఇంటి వంట మొదలుపెట్టినవారు తరచుగా అడిగే ప్రశ్నలు

వంట పుస్తకం ముందు పెట్టుకుని, కొలతలు చూసుకుంటూ మొదటిసారి వండేవారికి ఎదురయ్యే ప్రశ్నలు ఇవి. చాలావాటికి జవాబు పొయ్యి మీది నీళ్ల దగ్గరే దొరుకుతుంది. గిన్నెలో నీళ్లు ఎంత ఉన్నాయి, ఎంతసేపట్లో పోతాయి అన్నది తెలిస్తే రాసిన వంటకంలో ఏ మాటను నమ్మాలో, దేన్ని పట్టించుకోనక్కర్లేదో తెలిసిపోతుంది.

అరగంటలో అయిపోతుందని రాశారు. నాకు గంట దాటింది. నేను అంత నెమ్మదిగా వండుతున్నానా?

కాదు. రాసిన సమయంలో తరుగుడు పని లెక్కలోకి రాలేదు, అంతే. కావలసిన పదార్థాల జాబితా ఒకసారి మళ్లీ చూడండి. "సన్నగా తరిగిన ఉల్లిపాయలు రెండు కప్పులు, తొక్క తీసిన వెల్లుల్లి పది రెబ్బలు, నానబెట్టిన గింజలు ఒక కప్పు" అని ఉంటుంది. అంటే పొయ్యి వెలిగించేసరికి ఇవన్నీ తయారుగా ఉన్నాయని రాసినవారు అనుకున్నారు. చెయ్యి తిరిగినవారు రెండు కప్పుల ఉల్లిపాయలు నాలుగైదు నిమిషాల్లో తరిగేస్తారు. కొత్తవారికి పావుగంట పట్టినా ఆశ్చర్యం లేదు. నానబెట్టడానికి పట్టే గంటలు ఒక్కోసారి ఆ ఒక్క పదంలోనే దాగి ఉంటాయి.

కాబట్టి వండే ముందు జాబితాను పనుల పట్టికలా చదవండి. "తరిగిన", "నానబెట్టిన", "ఉడికించిన", "పొడి చేసిన" అన్న మాటల కింద గీత గీయండి. ప్రతి గీతా ఒక పని, ఆ పనికి విడిగా సమయం కావాలి. మొదటిసారి చేసేటప్పుడు రాసిన సమయానికి రెట్టింపు చేతిలో ఉంచుకుంటే టెన్షన్ ఉండదు.

ఉల్లిపాయలు "బంగారు రంగు వచ్చేవరకు 5 నిమిషాలు వేయించండి" అంటారు. నాకు ఎప్పుడూ రాదు. ఎంతసేపు పడుతుంది?

అర కిలో ఉల్లిపాయలైతే మధ్యస్థమైన మంట మీద సుమారు 20 నిమిషాలు. ఐదు నిమిషాలకు అవి మెత్తబడి, అద్దంలా కాస్త పారదర్శకంగా అవుతాయంతే. వంటకాల్లో కనిపించే అంకెల్లో నేను అసలు నమ్మనిది ఇదే. ఎందుకో లెక్క వేసి చూద్దాం.

ఉల్లిపాయలో పదింట దాదాపు తొమ్మిది వంతులు నీరే. అర కిలో తరిగి మూకుట్లో వేస్తే సుమారు 445 గ్రాముల నీళ్లు వేసినట్టు. గిన్నెలో తడి ఉన్నంతవరకు ఉల్లిపాయ వేడి 100 డిగ్రీల సెల్సియస్ దగ్గరే ఆగిపోతుంది, ఎందుకంటే వచ్చిన వేడంతా నీటిని ఆవిరి చేయడానికే ఖర్చవుతుంది. రంగు గబగబా మారడానికి మాత్రం 140 డిగ్రీల దాకా కావాలి. నీరు చాలావరకు పోతే తప్ప అంత వేడి రాదు.

అర కిలో ఉల్లిపాయలు బాగా రంగు తిరిగేసరికి బరువు 180 గ్రాములకు తగ్గిందనుకుందాం. అంటే 320 గ్రాముల నీరు ఆవిరైపోయింది. గది వేడిలో ఉన్న నీటిని మరిగే దాకా తేవడానికి ఎంత వేడి కావాలో, మరుగుతున్న ఆ నీటిని పూర్తిగా ఆవిరి చేయడానికి దానికి సుమారు ఏడు రెట్లు కావాలి. మధ్యస్థమైన మంట నుంచి గిన్నెలోకి నిజంగా చేరేది 700 వాట్లు అనుకుంటే, ఈ పని మొత్తానికి 20 నిమిషాలు పడుతుంది. మీ చేతిలో పొరపాటేమీ లేదు, లెక్కే అంత.

ఎక్కడిదాకా వచ్చిందో చెవితో చెప్పొచ్చు. మొదట్లో కుతకుతమని తడి చప్పుడు, పైకి ఆవిరి. తర్వాత ఆవిరి సన్నబడి, చప్పుడు చిటపటలోకి మారుతుంది. ఆ మార్పు వచ్చిందంటే నీళ్ల దశ అయిపోయినట్టే. అక్కడి నుంచి రంగు ఊహించినదానికన్నా తొందరగా మారుతుంది. అందుకే పదిహేను నిమిషాలు ఓపిగ్గా నిలబడి, సరిగ్గా అప్పుడే ఫోన్ చూసుకునేవారికి మాడిపోతాయి.

మరి మంట పెంచేస్తే సరిపోదా?

మొదటి సగానికి సరిపోతుంది. నీరు ఉన్నంతసేపు ఉల్లిపాయ మాడదు కాబట్టి మంట ఎక్కువగానే పెట్టి, కలుపుతూ ఉండొచ్చు. చప్పుడు మారగానే మంట తగ్గించాలి. మొదటి నుంచి చివరి దాకా పెద్ద మంట మీదే ఉంచితే ముక్క అంచులు నల్లబడతాయి, లోపలి నీరు మాత్రం ఇంకా బయటికి రాదు. ముక్క లోపలి తడి పైకి రావడానికి దాని సమయం దానికి కావాలి, మంట పెంచినంత మాత్రాన అది తొందరపడదు.

మొదట్లోనే చిటికెడు ఉప్పు వేస్తే లోపలి నీరు తొందరగా బయటికి వస్తుంది. మొదటి ఐదు నిమిషాలు మూత పెట్టి మగ్గించి, తర్వాత మూత తీసేయడం ఇంకో పద్ధతి. అడుగున గోధుమరంగు పట్టు కనిపిస్తే ఒక చెంచా నీళ్లు చల్లి గీకండి. ఆ పట్టులోనే రుచి ఉంది, నల్లబడకముందే దాన్ని ఉల్లిపాయల్లోకి తేవాలి.

ఇంకో చిట్కా తిరుగుతూ ఉంటుంది, చిటికెడు వంట సోడా వేయమని. రంగు త్వరగా వస్తుంది, నిజమే. కానీ ముక్కలు గుజ్జయిపోతాయి. గ్రేవీలో కలిసిపోయేదైతే ఫర్వాలేదు, ముక్క ముక్కగా కనిపించాల్సిన చోట వద్దు.

కూరగాయలు వేగకుండా నీళ్లూరి ఉడికిపోతున్నాయి. ఎందుకు?

మూకుడు కిక్కిరిసిపోయింది. ముక్కలు ఒకదాని మీద ఒకటి పడితే కిందివాటి ఆవిరి పైవాటికి తగిలి అక్కడే చల్లబడుతుంది, మళ్లీ నీరై కిందికి జారుతుంది. ఒకే వరుసలో, మధ్యలో కాస్త ఖాళీ ఉండేలా వేయండి. ఎక్కువుంటే రెండు విడతలు. కడిగిన వెంటనే వేయకుండా తడి ఆరనివ్వండి, ముక్కకు అంటుకున్న నీటికీ అదే లెక్క వర్తిస్తుంది.

నలుగురికి రాసింది ఎనిమిది మందికి చేయాలంటే అన్నీ రెట్టింపు వేసేయొచ్చా?

ఉప్పు, ముఖ్యమైన పదార్థాలు రెట్టింపు చేయండి. నీళ్లు, నూనె, సమయం మాత్రం అలా కుదరవు.

ఒక పులుసు లాంటి వంటకం తీసుకుందాం. అర లీటరు నీళ్లు పోసి అరగంట మూత లేకుండా మరిగించమని ఉంది. ఆ అరగంటలో 200 మిల్లీలీటర్లు ఆవిరై, 300 మిల్లీలీటర్లు మిగిలి, అది సరైన చిక్కదనం అనుకోండి. ఇప్పుడు రెట్టింపు చేస్తే మనకు చివరికి కావలసింది 600. అదే గిన్నె, అదే మంట, అదే అరగంట అయితే ఆవిరయ్యేది మాత్రం మళ్లీ 200 దగ్గరే ఉంటుంది, ఎందుకంటే మంట నుంచి వచ్చే వేడి పెరగలేదు. కాబట్టి పోయాల్సింది 800, లీటరు కాదు. లీటరు పోస్తే పలచగా వస్తుంది, అది చిక్కబడేదాకా మరిగిస్తే కూరగాయలు చిదిమిపోతాయి. రెట్టింపు చేసిన ప్రతిసారీ నీళ్లగా వస్తోందని బాధపడేవారికి కారణం చాలావరకు ఇదే.

బియ్యం వండేటప్పుడూ సూత్రం ఇదే. బియ్యం పీల్చుకునే నీరు బియ్యంతో పాటు పెరుగుతుంది, ఆవిరయ్యేది పెద్దగా పెరగదు. అందుకే ఒక కప్పుకు రెండు కప్పులు సరిపోయిన గిన్నెలో నాలుగు కప్పులకు ఎనిమిది పోస్తే అన్నం మెత్తగా అయిపోతుంది.

నూనె అడుగు తడవడానికి వేసేది, గిన్నె మారకపోతే ఒకటిన్నర రెట్లు చాలు. వేయించే సమయం మాత్రం ఇంచుమించు రెట్టింపవుతుంది. ఉల్లిపాయల లెక్క గుర్తుందిగా, కిలో అయితే ఆవిరి కావాల్సిన నీరు రెట్టింపు, మంట మాత్రం అదే. కారం, ఘాటైన మసాలాలు మొదట ఒకటిన్నర రెట్లు వేసి, రుచి చూసి పెంచుకోవడమే మంచిది. తక్కువైతే కలపొచ్చు, ఎక్కువైతే తీయలేం.

"ఉప్పు తగినంత" అంటే ఎంత? కొత్తవాళ్లకు ఆ "తగినంత" ఎలా తెలుస్తుంది?

ఈ ప్రశ్న అడిగేవారి కోపం న్యాయమైనదే. మొదలుపెట్టడానికి ఒక అంకె ఉండాలి. తయారైన వంటకం బరువులో నూటికి ఒక వంతు ఉప్పు ఉంటే చాలామంది నాలుకకు సరిపోయినట్టే ఉంటుంది. అంటే కిలో కూరకు 10 గ్రాములు. 5 మిల్లీలీటర్ల కొలత చెంచాతో తలకొట్టుగా తీసిన మెత్తని ఉప్పు సుమారు 6 గ్రాములు తూగుతుంది. అదే చెంచాతో గళ్లుప్పు తీస్తే మధ్యలో ఖాళీలుంటాయి కాబట్టి బరువు తక్కువ. ఒకరి చెంచా ఉప్పు ఇంకొకరికి చప్పగా అనిపించడానికి ఇదో కారణం.

"తయారైన" అన్న మాట ముఖ్యం. గిన్నెలో 800 గ్రాముల కూర ఉన్నప్పుడు 8 గ్రాములు వేశారు, రుచి చూశారు, సరిగ్గా ఉంది. తర్వాత చిక్కబడాలని మరో పావుగంట మరిగించారు, 600 గ్రాములకు తగ్గింది. నీరు పోయింది కానీ ఉప్పు ఎక్కడికీ పోలేదు. ఇప్పుడు నూటికి ఒకటిపైన మూడో వంతు ఎక్కువ, తినేటప్పుడు నాలుకకు తగులుతుంది. మధ్యలో రుచి చూసి సరిపెట్టుకున్నవారి కూర చివరికి ఉప్పగా తేలడం వెనక రహస్యం ఇంతే.

కాబట్టి వేయాలనుకున్న దాంట్లో సగం మొదట్లో వేయండి, ముక్కలకు పట్టడానికి అది చాలు. మిగతాది దించబోయే ముందు, చిక్కదనం వచ్చాక, రుచి చూసి వేయండి. పొగలు కక్కే చెంచాను నోట్లో పెట్టుకుంటే నాలుక కాలడమే తప్ప ఉప్పు సరిగ్గా తెలియదు. ఒక చుక్క చల్లారనిచ్చి చూడండి. ఉప్పుతో నిల్వ చేసిన పదార్థం ఏదైనా వేస్తుంటే, అది వేశాకే మిగతా ఉప్పు సంగతి ఆలోచించండి.

ఉప్పు ఎక్కువైపోతే బంగాళాదుంప వేస్తే లాగేస్తుందంటారు. నిజమేనా?

దుంప ఉప్పును విడిగా ఏరుకోదు. ఉప్పునీటినే కాస్త పీల్చుకుంటుంది, మిగిలిన పులుసు ఎంత ఉప్పగా ఉందో అంతే ఉంటుంది. పని చేసేది ఒక్కటే, ఉప్పు లేని పదార్థం కలిపి పరిమాణం పెంచడం. ఉడికిన దుంపను చిదిమి అందులోనే కలిపేస్తే ఫలితం ఉంటుంది, ఎందుకంటే అప్పుడది కూరలో భాగం. కొంచెం పులుపు తగిలిస్తే ఉప్పదనం కాస్త వెనక్కి తగ్గినట్టు అనిపిస్తుంది, కొద్దిగా ఎక్కువైన చోట అది చాలు.

కప్పు అంటే ఏ కప్పు?

కొన్ని దేశాల పుస్తకాల్లో 240 మిల్లీలీటర్లు, కొన్నిటిలో 250. బియ్యం కుక్కర్‌తో పాటు వచ్చే చిన్న కప్పు 180. నిష్పత్తులతో నడిచే వంటకాల్లో అన్నిటికీ ఒకే కప్పు వాడితే గొడవ లేదు. పిండి దగ్గరే చిక్కు. అదే కప్పులో వదులుగా నింపితే 120 గ్రాములు, అదిమితే 150 దాకా వస్తుంది. పిండివంటలు, బేకింగ్ చేయాలనుకునేవారు చిన్న తూకం యంత్రం కొనుక్కోవాలి, ఇందులో రెండో మాట లేదు. మిగతా వంటకు అది లేకపోయినా గడుస్తుంది.

గింజలు, పప్పులు ఎంత ఉడికించినా పలుకు పోవడం లేదు. ఎవరి తప్పు?

నాలుగు అనుమానాలున్నాయి. మొదటిది పులుపు. గింజ మెత్తబడకముందే టమాటా గానీ ఇంకేదైనా పుల్లని రసం గానీ వేస్తే గింజ గోడలు గట్టిగా ఉండిపోతాయి. పులుపు ఎప్పుడూ గింజ చిదిమితే నలిగే దశకు వచ్చాకే.

రెండోది నీళ్లు. కాల్షియం, మెగ్నీషియం ఎక్కువున్న నీళ్లు కూడా గింజను గట్టిపరుస్తాయి. మూడోది వయసు. వేడిగా, తేమగా ఉన్న చోట నెలల తరబడి నిల్వ ఉన్న గింజలు ఒక్కోసారి ఎంత ఉడికించినా లొంగవు. నాలుగోది మీరుండే ఎత్తు. సముద్ర మట్టం దగ్గర నీరు 100 డిగ్రీల దగ్గర మరిగితే, ప్రతి 300 మీటర్ల ఎత్తుకూ సుమారు ఒక డిగ్రీ చొప్పున తగ్గుతుంది. 1500 మీటర్ల ఎత్తున 95 దగ్గరే మరుగుతుంది, ఎంత మంట పెట్టినా అంతకు మించదు. అక్కడ ప్రెషర్ కుక్కర్ సౌకర్యం మాత్రమే కాదు, అవసరం. అందులో వేడి 120 డిగ్రీల దగ్గరికి వెళుతుంది.

దోషి ఎవరో తేల్చడానికి ఒక పని చేయండి. నానబెట్టిన గింజలు రెండు గుప్పెళ్లు తీసుకుని, ఒక గుప్పెడు మామూలు నీళ్లలో, ఇంకో గుప్పెడు ఖనిజాలు తీసేసే రకం ఫిల్టర్ నీళ్లలో, వేరేగా ఏమీ వేయకుండా, ఒకేసారి ఉడికించండి. ఫిల్టర్ నీళ్లలోవి ముందు మెత్తబడితే తప్పు నీళ్లది. రెండూ ఒకేలా మొండికేస్తే, మీరుండేది ఎత్తైన చోటు కాకపోతే, గింజలు పాతవి, దుకాణం మార్చండి. నీళ్లే కారణమైతే నానబెట్టే నీటిలో ఉప్పు కలపడం బాగా పనిచేస్తుంది, ఉప్పులోని సోడియం గింజ తొక్కలోని కాల్షియం స్థానంలోకి చేరి తొక్కను మెత్తబరుస్తుంది. ఉప్పు వేస్తే గింజలు ఉడకవన్న మాట చాలా ఇళ్లలో వినిపిస్తుంది గానీ, దానికి ఆధారం లేదు.

"నూనె పైకి తేలేవరకు" అని ఉంటుంది. దేనికోసం ఎదురుచూస్తున్నట్టు?

నీళ్లు అయిపోవడం కోసం. ముద్దగా నూరిన మసాలాలో నీరున్నంతసేపు నూనె అందులో చిన్న చిన్న బిందువులుగా కలిసిపోయి ఉంటుంది. నీరు పోయేకొద్దీ ఆ బిందువులు ఒకదానితో ఒకటి కలిసి అంచుల్లో మెరుస్తూ బయటికి వస్తాయి. అప్పటినుంచి ముద్ద వేడి 100 డిగ్రీలు దాటి నిజంగా వేగడం మొదలవుతుంది, పచ్చివాసన పోయేది ఇక్కడే. నూనె మరీ తక్కువ వేస్తే తేలడానికి ఏమీ ఉండదు. అప్పుడు గరిటెతో ముద్దను పక్కకు లాగి చూడండి. ఖాళీ చోటులోకి మళ్లీ జారకుండా అలాగే నిలబడితే అయినట్టే.

పొయ్యి ఆపేశాక కూడా ఉడుకుతూనే ఉంటుందా?

ఉంటుంది, అడుగు మందంగా ఉన్న గిన్నెలో మరీను. ఉడికించిన గుడ్డును చన్నీళ్లలో వేయడం లోపలి వేడిని ఆపడానికే. కూరగాయ ముక్క ఇంకాస్త ఉడకాలి అనిపించినప్పుడే పొయ్యి ఆపితే, వడ్డించే వేళకు సరిగ్గా ఉంటుంది. అన్నానికి ఇదే వేడి ఉపకారం చేస్తుంది. మంట ఆపి మూత తీయకుండా పది నిమిషాలు వదిలేస్తే అడుగున ఉన్న తడి పైదాకా సర్దుకుంటుంది, మెతుకు విరగదు.

ఇవన్నీ ఒకేసారి గుర్తుపెట్టుకోలేను. మొదట ఏమి వండాలి?

కొత్త వంటకాలు వరసపెట్టి ప్రయత్నించకండి. రకరకాలుగా చేస్తే ఏది ఎందుకు మారిందో తెలియదు. ముందు అర కిలో ఉల్లిపాయలు వేయించండి, ఇంకేమీ కలపకుండా. చప్పుడు మారే క్షణం చెవికి పట్టుబడుతుంది. తర్వాత మీ గిన్నెలో లీటరు నీళ్లు పోసి, మీరు రోజూ వాడే మంట మీద మూత లేకుండా మరగనిచ్చి, మరగడం మొదలైన పావుగంటకు ఎంత మిగిలిందో కొలవండి. తగ్గినది రాసి పెట్టుకోండి. రేపు ఏ పులుసు రెట్టింపు చేయాలన్నా, ఎవరి వంటకం మీ గిన్నెకు సరిచేసుకోవాలన్నా ముందు కావలసింది ఆ అంకె. వెడల్పు మూకుడుకు ఒకటి, లోతు గిన్నెకు ఒకటి వేరుగా కొలిస్తే ఇంకా మంచిది. పొయ్యి మారినా, గిన్నె మారినా మళ్లీ కొలవాల్సిందే.